నలభై శాతం అంటే ఎంత? చేతి సంచికి హోల్‌సేల్ ధర తేలే లెక్క

మా పెద్దమ్మ కూతురు గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది. మంగళగిరి నూలు బట్టతో చేతి సంచులు కుట్టి అమ్ముతుంది. కొన్నింటిని ఎగ్జిబిషన్లలో, కొన్నింటిని వాట్సాప్‌లో. సంచి ధర 600 రూపాయలు. నిరుడు దసరాకు నెలన్నర ముందు విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గరి ఒక దుకాణం యజమాని ఆమెకు ఫోను చేశారు.

“అమ్మా, మీ సంచి మా బంధువుల ఇంట్లో చూశాను. పండుగకు 50 కావాలి. మాకు 40 శాతం మార్జిన్ ఉండాలి. ఆ లెక్కన మీ హోల్‌సేల్ రేటు చెప్పండి.”

సాయంత్రానికి చెబుతానని అక్క ఫోను పెట్టేసి, వెంటనే నాకు చేసింది. చిన్న వ్యాపారాల లెక్కలు రాయడం నా పని. ఇలాంటి ఫోన్లు నాకు ప్రతి పండుగ ముందూ వస్తాయి. సబ్బులు చేసేవారు, పచ్చళ్లు పెట్టేవారు, మట్టి నగలు చేసేవారు అడిగేది ఒకటే: ఒక్కొక్కటిగా అమ్మే ధర తెలుసు, యాభై ఒకేసారి అడిగితే ఎంత చెప్పాలి? అక్క సంచిని ముందు పెట్టుకుని ఆ ప్రశ్నను విప్పి చూద్దాం.

## ఒకే మాట, రెండు లెక్కలు

నేను అక్కను మొదట అడిగింది, ఆ 40 శాతం దేని మీద అని. “600 మీదే కదా” అంది. కావచ్చు, కాకపోవచ్చు.

దుకాణదారు మార్జిన్ అనే మాటను రెండు రకాలుగా వాడతాడు. అమ్మే ధర మీద 40 శాతం అంటే, 600 రూపాయల సంచిలో 240 దుకాణానికి పోయి అక్కకు 360 వస్తుంది. కొన్న ధర మీద 40 శాతం అంటే లెక్క మారిపోతుంది. అప్పుడు వందకు కొన్నది నూట నలభైకి అమ్ముతారు. 600ను 1.4తో భాగిస్తే 429 వస్తుంది. అంటే అక్కకు 429, దుకాణానికి 171.

ఒక్క సంచి దగ్గర తేడా 69 రూపాయలు. యాభై సంచులకు దాదాపు 3,450. ఇద్దరూ “40 శాతానికి సరే” అనుకుని, ఒకరు ఒక లెక్క, మరొకరు మరో లెక్క మనసులో పెట్టుకుని, బిల్లు రాసే రోజున మాటా మాటా అనుకున్న సందర్భాలు నేను చూశాను. ఎం.ఆర్.పి. అచ్చయిన సరుకు అమ్మేవారు ఎక్కువగా అమ్మే ధర మీద లెక్క కడతారు. వందకు ఎంత వేసుకోవాలి అని నోటి లెక్కతో వ్యాపారం చేసేవారు కొన్న ధర మీద కడతారు. ఎవరిదీ తప్పు కాదు. అందుకే శాతాల్లో మాట్లాడడం మాని, “600కు మీరు అమ్మితే అందులో నా చేతికి వచ్చేది ఎన్ని రూపాయలు?” అని అడిగితే సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది. అక్క తిరిగి ఫోను చేసి అడిగింది. జవాబు 360.

## 360 చాలుతుందా?

అక్క మొదట సంతోషించింది. ఆమె లెక్క ప్రకారం సంచికి సరుకు ఖర్చు 220 రూపాయలు. 360కి ఇచ్చినా 140 మిగులుతుంది, యాభైకి 7,000. పండుగ ముందు చిన్న డబ్బు కాదు.

ఆ 220 ఎలా వచ్చిందో ఆమె పుస్తకంలో చక్కగా ఉంది. పై బట్ట అర మీటరు 110, లైనింగు 35, బక్రం, జిప్పు, పట్టీలు కలిపి 55, దారం, లేబులు, కవరు 10, కత్తిరింపులో పోయే ముక్కలకు 10. చివరి పది కూడా రాసుకుందంటే లెక్క తెలిసిన మనిషే. రాయనిది తన చేతి పని ఒక్కటే.

ఒక సంచికి ఎంత సేపు పడుతుందో తనకు సరిగ్గా తెలియదంది. ఒక రోజు మధ్యాహ్నం పక్కన కూర్చుని గడియారం చూశాను. బట్టను ఇస్త్రీ చేసి, సుద్ద గీసి, కత్తిరించడానికి 25 నిమిషాలు. మంగళగిరి బట్టకు ఉండే నిజాం అంచు సంచి మూతికి తిన్నగా రావాలని ఆమె రెండుసార్లు కొలుస్తుంది. ఆ అంచు అర అంగుళం వాలినా సంచి వంకరగా కనిపిస్తుంది. లైనింగు, జిప్పు, పక్కల కుట్లు, పట్టీలకు అడ్డకుట్లు కలిపి గంట. దారాలు తెంపి, తిరగేసి, మళ్లీ ఇస్త్రీ చేసి కవరులో పెట్టేసరికి మరో ఐదు నిమిషాలు. మొత్తం గంటన్నర.

గంటకు ఎంత కట్టాలి? దీనికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది: నీకు వారం రోజులు జ్వరం వస్తే, ఇంతే బాగా కుట్టే మనిషికి గంటకు ఎంత ఇవ్వాల్సి వస్తుంది? ఆమె కాసేపు ఆలోచించి 80 అంది. అంటే కుట్టుకూలి 120 రూపాయలు. కరెంటు, మిషను సర్వీసు, సూదులు, చెడిపోయిన సంచులు అన్నీ నెలకు 1,200 అవుతాయి. నెలకు 60 సంచులు కుడుతుంది కాబట్టి సంచికి 20.

220కి 120, 20 కలిపితే 360. సంచి తయారీ ఖర్చూ, దుకాణం ఇస్తానన్న ధరా రూపాయి తేడా లేకుండా ఒకటే! పైగా విజయవాడకు పంపడానికి, బిల్లుకు సంచికి పది రూపాయలవుతుంది. ఆమె 7,000 లాభం అనుకున్నది 500 నష్టం. ఆ 7,000లో 6,000 ఆమె 75 గంటల కూలి, 1,000 మిషను ఖర్చు.

తన కూలిని ఖర్చులో కలపడం మీద అందరూ ఒప్పుకోరని చెప్పాలి. “ఇంట్లో ఖాళీగా ఉండే సమయమే కదా, దానికి కూలి ఏమిటి?” అని అడిగేవారున్నారు. ఆ సమయంలో వేరే సంపాదన లేనప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉంది. ఒకరిద్దరు తెలిసినవారికి కుట్టి ఇచ్చేటప్పుడు అది చెల్లుతుంది కూడా. యాభై సంచుల ఆర్డరు ఖాళీ సమయంలో పూర్తి కాదు. రెండు వారాలు రోజుకు ఐదేసి గంటలు పోతాయి, ఆ రెండు వారాల్లో ఒక్కొక్కటిగా అమ్ముకునే సంచులు కుట్టడం కుదరదు. కూలి లెక్కలో లేకపోతే ఆ కోల్పోయింది ఎక్కడా కనిపించదు.

## 600లో రెండు పనుల డబ్బు ఉంది

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. అక్క అడిగిన మాట: “600కు నేను అమ్మితే 240 లాభం కదా, దుకాణానికి ఇస్తే సున్నానా?”

600కు తాను అమ్మినా 240 మిగలదు. రిటైల్ ధరలో రెండు పనుల డబ్బు ఉంటుంది. ఒకటి సంచి తయారు చేయడం, రెండోది దాన్ని కొనేవారి చేతిలో పెట్టడం. రెండో పనికీ ఖర్చుంటుంది. అదీ తానే చేస్తోంది కాబట్టి ఆమెకు కనిపించడం లేదు.

గుంటూరులో ఆమె పెట్టిన మూడు రోజుల ఎగ్జిబిషన్ తీసుకుందాం. స్టాలు అద్దె 6,000. ఆటోలకు 800. మూడు రోజులు పదేసి గంటలు నిలబడింది, అదే 80 లెక్కన 2,400. మొత్తం 9,200. అమ్మినవి 50 సంచులు. అంటే ఒక్కో సంచి అమ్మడానికి 184 రూపాయలు ఖర్చయింది. 600లో 360 తయారీకి, 184 అమ్మకానికి పోగా మిగిలింది 56.

వాట్సాప్‌లో అమ్మితే కొంత నయం. ఫోటోలు పంపడం, “ఇంకో రంగు ఉందా?” అన్నదానికి జవాబులు, డబ్బా కట్టడం, పోస్టాఫీసుకు వెళ్లడం కలిపి సంచికి 90 దాకా అవుతుంది. మిగిలేది 150. కానీ ఆ దారిలో నెలకు పది, పదిహేను మించి పోవు.

దుకాణం కొన్నప్పుడు ఈ రెండో పని దాని నెత్తికి వెళుతుంది. స్టాలు అద్దె లేదు, నిలబడడం లేదు, జవాబులు లేవు. కాబట్టి రిటైల్ ధరలోంచి దుకాణానికి వదులుకోగలిగింది ఎంత అంటే, ఈ పని తప్పినందుకు మనకు మిగిలే ఖర్చు ఎంతో అంత. సంచి ఒక్కటికి ఎగ్జిబిషన్ ఖర్చు 184. దుకాణానికి పంపే ఖర్చు 10. అంటే 174 దాకా తగ్గించినా అక్కకు ఎగ్జిబిషన్‌లో అమ్మినట్టే. 600లో 174 తీసేస్తే 426. ఇందాకటి రెండో లెక్కలో వచ్చిన 429 దీనికి దాదాపు సమానం. కొన్న ధర మీద 40 శాతం అక్కకు సరిపోతుంది, అమ్మే ధర మీద 40 శాతం సరిపోదు.

హోల్‌సేల్ ధరను పై నుంచి, అంటే రిటైల్ ధరలోంచి ఇంత శాతం తగ్గించి, నిర్ణయిస్తే ఈ సంగతి తెలియదు. కింది నుంచి కట్టుకుంటూ రావాలి. తయారీ 360, పంపడానికి 10, మొత్తం 370. ఇది నేల. ఇంతకన్నా కిందికి దిగితే చేతి డబ్బు పెట్టుకున్నట్టే. దీని మీద మిగులు కావాలి. కూలి కట్టుకున్నాక మళ్లీ మిగులెందుకని అక్క అడిగింది. కూలి ఆమె పనికి. మిగులు వ్యాపారానికి: వచ్చే నెల బట్ట కొనడానికి, ఎవరూ కొనని డిజైన్ల నష్టానికి, మిషను పాతబడితే కొత్తదానికి. సంచికి 60 ఉండాలని అనుకున్నాం. అంటే 430.

## దుకాణానికి అంత ఎందుకు?

ఇక్కడ ఆగి అవతలి వైపు చూడకపోతే లెక్క సగమే అవుతుంది. చేత్తో చేసేవారిలో నేను తరచుగా వినే బాధ, “రాత్రింబవళ్లు కుట్టేది నేను, అద్దాల బీరువాలో పెట్టినందుకే ఆయనకు 240నా?” అని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఆ డబ్బు ఆయనకు మిగలదు.

దుకాణం 720కి అమ్మే సంచిని 432కు కొందనుకుందాం, ఈ అంకెలు ఎక్కడివో కాసేపట్లో చెబుతాను. కాగితం మీద ఒక్కోదానికి 288, యాభైకి 14,400 రావాలి. నిజంగా జరిగేది వేరు. పండుగలోపు 35 పూర్తి ధరకు పోతాయి. పదింటిని పండుగ తర్వాత 20 శాతం తగ్గించి 576కు అమ్ముతారు. ఐదు బీరువాలోనే ఉండిపోతాయి. వచ్చిన డబ్బు 25,200, 5,760 కలిపి 30,960. కొన్నది 21,600కు. చేతిలో ఉన్నది 9,360. అంటే 40 శాతం కాస్తా 30 అయింది. ఇందులోంచే బీసెంట్ రోడ్డు అద్దె, ఇద్దరు అమ్మాయిల జీతం, ఏసీ కరెంటు రావాలి.

జీఎస్టీ కూడా ఇందులోంచే పోతుంది. వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటేవరకు సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. అక్క ఆ లోపే ఉంది. రిజిస్ట్రేషన్ లేనివారి బిల్లులో పన్ను ఉండదు కాబట్టి, దుకాణం తాను కట్టే పన్నులోంచి తగ్గించుకోవడానికి ఏమీ దొరకదు. సంచి మీద పన్ను 5 శాతం అనుకుంటే 720లో 34 రూపాయలకు పైగా పన్నే. అదంతా ఆయన వాటాలోంచే పోతుంది. “మీకు జీఎస్టీ నంబరుందా అమ్మా?” అని దుకాణదారు మొదటే అడిగేది ఇందుకే.

ఈ 720 ఎక్కడిదంటే: అక్కకు 430 రావాలి, దుకాణానికి అమ్మే ధర మీద 40 శాతం ఉండాలి. 430 అనేది రిటైల్ ధరలో 60 శాతం కావాలి. 430ని 0.6తో భాగిస్తే 717. దాన్ని 720 చేస్తే అక్క వాటా 432. ఇద్దరి అవసరాలూ ఇమడాలంటే సంచి 720 కావాలి, 600 చాలదు. హోల్‌సేల్ ధర ఎంత అనే ప్రశ్నకు వెతుకుతూ పోతే, రిటైల్ ధరే తక్కువగా ఉందని తేలింది. నేను చూసిన పది లెక్కల్లో ఎనిమిదింట ఇదే తేలుతుంది.

దీనికి పోటీగా ఒక సులువు సూత్రం ప్రచారంలో ఉంది: ఖర్చుకు రెట్టింపు హోల్‌సేల్, హోల్‌సేల్‌కు రెట్టింపు రిటైల్. చేతి వస్తువులు చేసేవారికి శిక్షణ తరగతుల్లో ఇదే చెబుతుంటారు. దాని బలం ఏమిటంటే, లెక్కలో ఏదైనా మరిచిపోయినా మునిగిపోరు. ఈ సంచికి దాన్ని వేస్తే హోల్‌సేల్ 720, రిటైల్ 1,440. పక్క దుకాణంలో మిల్లు బట్ట సంచి 350కి వేలాడుతున్న చోట 1,440కి చూసి పోయేవారే ఎక్కువ. సబ్బు, కొవ్వొత్తి లాంటి వాటిలో సరుకు ఖర్చు తక్కువ కాబట్టి ఆ సూత్రం కొంత నప్పుతుంది. చేనేత బట్టలో సరుకే ధరలో పెద్ద భాగం, అక్కడ అది సాగదు. 720 మీద ఎవరైనా కొంటారా అనేది మాత్రం లెక్క చెప్పదు. అక్క నాలుగు సంచులను 720 చీటీతో తర్వాతి స్టాలులో పెట్టి చూసింది. మూడు పోయాయి.

## ఎక్కువ కొంటే ధర తగ్గాలా?

“యాభై తీసుకుంటున్నాం, ఇంకా తగ్గించండి” అనడం న్యాయమే. అయితే ఎంత తగ్గించవచ్చనేది మొహమాటం మీద ఆధారపడకూడదు, పని మీద ఆధారపడాలి.

యాభైకి నిజంగా కలిసొచ్చేవి రెండు. బట్టను మీటర్ల లెక్కన కాకుండా మంగళగిరిలో నేత కుటుంబం దగ్గర ఒకేసారి పూర్తి తాను కొంటే మీటరుకు 20 తగ్గింది, సంచికి 10. నాలుగైదు మడతలు పరిచి ఒకేసారి కత్తిరిస్తే సంచికి పావుగంట కలిసొచ్చింది, అంటే 20. తయారీ ఖర్చు 360 నుంచి 330కి దిగింది. ఈ 30 ఎవరిది? ఆర్డరు వల్లే వచ్చింది కాబట్టి తమదేనని దుకాణం అంటుంది. పని నేర్పుతో వచ్చింది కాబట్టి తనదని అక్క అనవచ్చు. ఇద్దరి మాటా సబబే. అక్క 12 వదిలి 420 చేసింది, 18 ఉంచుకుంది. ఇప్పుడు సంచికి మిగులు 80, యాభైకి 4,000.

దుకాణం యజమాని తర్వాత అన్న మాట ఇంకా ఆశ పెట్టేది. “బాగా పోతే నెలలో 200 తీసుకుంటాం, 390కి వేయండి.” వినగానే చేతులు కలపాలనిపిస్తుంది. సంఖ్య పెరిగేకొద్దీ ఖర్చు తగ్గుతూనే ఉంటుందని మనకొక నమ్మకం. మిషను మీద తయారయ్యే వస్తువుకు అది చాలావరకు నిజం. చేతి పనికి కొంత దూరం వరకే నిజం, ఆ తర్వాత ఖర్చు మెట్టెక్కుతుంది.

200 సంచులకు గంటంపావు చొప్పున 250 గంటలు కావాలి. అక్క రోజుకు ఐదు గంటల లెక్కన 26 రోజులు కూర్చుంటే 130 గంటలు. అందులో 104 సంచులు అవుతాయి. మిగిలిన 96 బయటివారితో కుట్టించాలి. కొత్తగా వచ్చినవారికి ఈ సంచి రెండు గంటలు పడుతుంది, కూలి 160. అంచు తిన్నగా ఉందా, పట్టీ కుట్లు గట్టిగా ఉన్నాయా అని చూసి, వంకర పోయినవి విప్పించి కుట్టించడానికి మరో 20. ఆ సంచులు ఒక్కోటి పంపే ఖర్చుతో కలిపి 420 అవుతాయి. అక్క కుట్టినవి 340. వాటన్నిటినీ 390కి అమ్మితే, తన 104 మీద 5,200 వస్తుంది, బయట కుట్టించిన 96 మీద 2,880 పోతుంది. చివరికి మిగిలేది 2,320.

యాభై సంచులకు 4,000 మిగిలితే, నెలంతా కష్టపడి 200 కుడితే 2,320! ఈ లెక్క చూపించినప్పుడు అక్క కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. పెద్ద ఆర్డరు చెడ్డదని కాదు. ఇద్దరు కుట్టేవారికి పని నేర్పి మూడు నెలలు నిలుపుకుంటే ఆ రెండు గంటలు గంటన్నరకు వస్తాయి, అప్పుడు లెక్క మారుతుంది. నేర్పే కాలానికి ఖర్చు ఎవరు భరిస్తారనేదే ప్రశ్న, దాన్ని 390 భరించదు. తన చేతులు ఎన్ని గంటలో తెలియకుండా 200కు రేటు చెప్పేవారికి ఇది నెలాఖరుకు గాని తెలియదు. తెలిసే గుర్తు ఒకటే ఉంటుంది: ఆర్డర్లు పెరిగాయి, బట్ట అప్పు కూడా పెరిగింది.

## ఒకే ఊరిలో రెండు ధరలు

ధర 720 చేసిన మరుక్షణం మరో చిక్కు వచ్చింది. దుకాణంలో 720, అక్క వాట్సాప్‌లో 600. గుంటూరు నుంచి విజయవాడ గంట ప్రయాణం. ఒకే సంచి రెండు చోట్లా కనిపిస్తుంది.

కొందరు తమ ధర మార్చరు. ఇన్నాళ్లుగా కొంటున్నవారిని బాధపెట్టడం ఎందుకు, దుకాణం అద్దె కొనేవారి నెత్తిన ఎందుకు పడాలి అంటారు. మాట బాగానే ఉంది. అయితే బీరువాలో సంచి చూసి, ఇంటికెళ్లి లేబుల్ మీది నంబరుకు ఫోను చేసి 600కు కొనేవారు తప్పకుండా ఉంటారు. రెండు నెలల్లో దుకాణానికి ఆ సంగతి తెలుస్తుంది, మూడో ఆర్డరు రాదు. దుకాణం చేసిన పనికి డబ్బు ఇవ్వకుండా దాని ఫలం తీసుకున్నట్టవుతుంది.

మరికొందరు అన్ని చోట్లా ఒకటే ధర ఉంచుతారు. దుకాణాలు ఇదే కోరుకుంటాయి. తాను అమ్మినప్పుడు అమ్మకపు పని డబ్బు తనకు, దుకాణం అమ్మినప్పుడు దుకాణానికి. లెక్క పరంగా ఇదే శుభ్రమైనదని నా అభిప్రాయం. కష్టం ఒక్కటే, పాత కొనుగోలుదారులకు 120 ఒకేసారి పెరిగినట్టు అనిపిస్తుంది.

అక్క మూడో దారి పట్టింది. దుకాణానికి వేరే సంచి. జరీ ఉన్న నిజాం అంచు ముక్కను లోపలి జేబుకు వేసింది. అలాంటి ముక్కలు ఆమె దగ్గర మూట కట్టి ఉన్నాయి, సరుకు ఖర్చేమీ పెరగలేదు, సమయం ఐదు నిమిషాలు పెరిగింది. ఆ సంచి 720, జేబు లేని పాతది 600. ఈ దారికీ మితి ఉంది. రెండు రకాలైతే రెండు కొలతల ముక్కలు, రెండు నిల్వలు. మూడో దుకాణం వస్తే మూడో రకమా అనే ప్రశ్న వస్తుంది. అందుకే పాతదాన్ని కూడా దసరా తర్వాత 650 చేసి, మెల్లగా దగ్గరికి తెస్తోంది.

చీటీ విషయం ఒకటి చెప్పి ముందుకు వెళతాను. ప్యాక్ చేసిన సరుకు మీద ఎం.ఆర్.పి. అని వేస్తే అది అన్ని పన్నులతో కలిపిన ధర. అంతకు మించి దుకాణం అమ్మకూడదు. పాత 600 చీటీలు మిగిలాయని వాటినే తగిలించి పంపితే దుకాణం చేతులు కట్టేసినట్టే.

## డబ్బు ఎప్పుడు వస్తుందో అదీ ధరే

420కి ఒప్పుకున్నాక దుకాణం అంది, “రెండు నెలల్లో ఇస్తాం.” రెండు నెలలంటే 21,000 రూపాయలు వారి దగ్గర ఉంటాయి, బట్ట డబ్బు అక్క చేతి నుంచి ముందే పోయింది. మన వైపు చేబదులుకు నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలే. రెండు నెలలకు 840. సంచికి 17 రూపాయలు. 420 అనుకున్నది నిజానికి 403. నగదుకు 420, రెండు నెలల అరువుకు 437 అని చెప్పడంలో తప్పేమీ లేదు, రెండూ ఒకే ధర.

చట్టం కూడా ఇక్కడ కొంత తోడుంది. 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం, చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకు కొన్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే వడ్డీ ఉంటుంది. 2023 ఆర్థిక చట్టం తర్వాత ఇంకో పట్టు వచ్చింది. గడువు దాటినా ఇవ్వని డబ్బును కొన్నవారు ఆ ఏడాది ఖర్చుగా ఆదాయపు పన్నులో చూపుకోలేరు. యాభై సంచుల కోసం ఎవరూ చట్టం దాకా వెళ్లరు. కానీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు, “45 రోజుల్లో” అన్న మాట ఉంటే దుకాణం లెక్కలు చూసే మనిషే యజమానికి గుర్తు చేస్తాడు.

కొన్ని దుకాణాలు అసలు కొనవు. పెట్టుకుంటాం, అమ్ముడైనవాటికే డబ్బిస్తాం, మిగిలినవి తిరిగి ఇస్తాం అంటాయి. అమ్ముడుకాని భయం అప్పుడు తయారీదారుదే కాబట్టి దుకాణం వాటా తక్కువగా ఉండాలి. 30 శాతానికి ఒప్పుకుంటే అమ్మిన ప్రతి సంచికి అక్కకు 504 వస్తుంది. నగదు 420 కంటే ఎక్కువే. అయితే 21,000 రావాలంటే యాభైలో 42 అమ్ముడుపోవాలి. అంతకు తగ్గితే తిరిగొచ్చిన సంచులు ఏ స్థితిలో ఉన్నాయన్నదాని మీద లాభనష్టాలు ఆధారపడతాయి. ఎండ పడే అద్దం వెనుక రెండు నెలలు వేలాడిన నూలు సంచి ఒక వైపు వెలిసి వస్తుంది. దాన్ని 600కు ఎవరూ కొనరు. పేరు లేని కొత్త తయారీదారుకు దుకాణంలో చోటు దొరకడానికి ఈ పద్ధతే వీలుగా ఉంటుందని చెప్పేవారు ఉన్నారు, పది సంచులతో అయితే నేనూ కాదనను.

అక్క నగదు వైపే నిలబడింది. సగం ముందు, సగం సరుకు అందిన రోజు. దుకాణం యజమాని ఒకరోజు ఆలోచించి ఒప్పుకున్నారు. అరువు ధర 437 అని విన్నాకే ఒప్పుకున్నారని అక్క అంటుంది.

సంక్రాంతికి ఆయన మళ్లీ ఫోను చేశారు, ఈసారి 30 సంచులు, “అదే నీలం”. నేతవారి దగ్గర ఆ రంగు అయిపోయింది. మళ్లీ అద్దినా అచ్చం అదే నీలం రాదు. అక్క కొత్త నీలం తానును పాత సంచి పక్కన పెట్టి, పగటి వెలుతురులో ఫోటో తీసి పంపింది. ఆయన సరేనన్నారు. ధర 432 అని వినగానే “పోయినసారి 420 కదమ్మా” అన్నారు. మొదటి ఆర్డరు రోజున ఇద్దరూ సంతకం చేసిన కాగితంలో ఉంది: 20 నుంచి 49 వరకు 432, 50 నుంచి 420. అక్క దాని ఫోటో పంపింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. మరో 20 కలిపి 50 చేయమన్నారు, ఆ ఇరవై మాత్రం ఆకుపచ్చలో.